సగటు రెండైతే విజేతలు ముగ్గురెలా? జాక్‌పాట్ లెక్కలో పాయిజాన్ విభాజనం

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. కాకినాడలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. 2016 జనవరి 13న అమెరికా పవర్‌బాల్ లాటరీ డ్రాకు సుమారు 63.5 కోట్ల టికెట్లు అమ్ముడయ్యాయని చదివాను. ఒక టికెట్టు గెలిచే అవకాశం 29 కోట్ల చిల్లరలో ఒకటి. భాగిస్తే 2.17 వచ్చింది. మరి ముగ్గురు ఎలా గెలిచారు? ఒక్కరూ గెలవకుండా పోయే అవకాశం కూడా ఉందని మా సార్ అన్నారు. ఉన్న అంకెల కూర్పులకు రెండింతలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాక అదెలా సాధ్యం? ఇంగ్లండులో ఒకసారి సగటు అయిదు ఉన్నచోట 133 మంది గెలిచారట. సూత్రమే తప్పా?

జవాబు:

మీ భాగహారం సరైనదే. తేడా వచ్చింది ఆ అంకెను చదివిన తీరులో. ఈ డ్రాలో ఎంతమంది గెలుస్తారో 2.17 చెప్పదు. ఇదే డ్రాను ఇన్నే టికెట్లతో వేలసార్లు జరిపితే ఒక్కో డ్రాకు సగటున ఎంతమంది విజేతలు తేలుతారో చెబుతుంది. ఏ ఒక్క డ్రాలోనూ 2.17 మంది గెలవరు. సున్నా, ఒకటి, రెండు, మూడు ఇలా పూర్ణసంఖ్యలే వస్తాయి. వాటిలో ఏది ఎంత తరచుగా వస్తుందన్నది వేరే ప్రశ్న. నేను అమలాపురంలో చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెప్పాను. ఈ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపేయడం ప్రతి ఏడాదీ చూశాను. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ముందు ఆ 29 కోట్ల సంగతి. పవర్‌బాల్‌లో 2015 అక్టోబరు నుంచి ఉన్న నియమం ప్రకారం 69 తెల్ల బంతుల్లో అయిదు, విడిగా 26 ఎర్ర బంతుల్లో ఒకటి తీస్తారు. 69లో అయిదింటిని 1,12,38,513 విధాలుగా ఎంచుకోవచ్చు. దాన్ని 26తో గుణిస్తే 29,22,01,338. అన్ని గదులున్న ఒక పెద్ద సత్రాన్ని ఊహించుకోండి. ఒక్కో కూర్పుకు ఒక్కో గది. అమ్ముడయిన ప్రతి టికెట్టూ ఏదో ఒక గదిలో దిగిన అతిథి. డ్రా రోజున యంత్రం ఒక గది తలుపు తడుతుంది. లోపల ఎంతమంది ఉంటే అంతమంది విజేతలు.

మీ ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది. గదులకు రెండింతల అతిథులు వచ్చారు కనుక ప్రతి గదిలోనూ ఇద్దరుండాలని మీరు అనుకున్నారు. అలా ఉండాలంటే సత్రానికి ఒక గుమాస్తా కావాలి. ఏ గది ఖాళీగా ఉందో చూసి మరీ అతిథిని పంపే మనిషి అన్నమాట. లాటరీకి అలాంటి గుమాస్తా లేడు. అమెరికాలో ఎక్కువ టికెట్లకు అంకెలను యంత్రమే ఎంచి ఇస్తుంది. ఆ కూర్పు అప్పటికే పదిమందికి వెళ్లిందా, ఎవరికీ వెళ్లలేదా అని అది చూడదు. అందువల్ల కొన్ని గదుల్లో అయిదుగురు ఇరుక్కుంటారు, కొన్ని గదుల తలుపు ఎవరూ తియ్యరు.

ఖాళీగా మిగిలే గదులెన్నో లెక్కిద్దాం. ఒక టికెట్టు ఫలానా గదిలోకి వెళ్లే సంభావ్యత p, వెళ్లకపోయే సంభావ్యత 1−p. మొత్తం N టికెట్లలో ఒక్కటీ వెళ్లకపోవడానికి (1−p)ని N సార్లు గుణించాలి. p చాలా చిన్నది, N చాలా పెద్దది అయినప్పుడు ఈ లబ్ధం e^(−Np)కి అంటుకుపోయినంత దగ్గరగా ఉంటుంది. ఇక Np అంటే మీరు కనుక్కున్న 2.17. దాన్ని λ అందాం. k మంది గెలిచే సంభావ్యతను P(k) అందాం. ఈ సంభావ్యతల వరుసే పాయిజాన్ విభాజనం. తరువాతి పదాలకు ఫ్యాక్టోరియళ్లు వేసుకుంటూ కూర్చోనక్కర్లేదు. ముందు పదం నుంచి తరువాతి పదానికి ఇలా దిగవచ్చు:

```
λ = N × p = 63,50,00,000 / 29,22,01,338 ≈ 2.173
P(0) = e^(−λ) ≈ 0.114
P(k+1) = P(k) × λ / (k+1)
```

P(0) 0.114 వచ్చింది. అంటే సత్రంలో నూటికి పదకొండు గదులకు పైగా, అంకెల్లో చెప్పాలంటే 3 కోట్ల 30 లక్షల గదులు ఖాళీ. 63.5 కోట్ల టికెట్లు అమ్ముడయ్యాక కూడా ఇంత ఖాళీ ఉంది. యంత్రం తట్టిన తలుపు వాటిలో ఒకటైతే ఆ రాత్రి విజేత లేడు. మీ సార్ చెప్పింది ఇదే.

ఇక్కడి నుంచి కాలిక్యులేటర్‌తో మెట్లు దిగండి. 0.114ను 2.173తో గుణిస్తే ఒక్కరే గెలిచే సంభావ్యత 0.247. దాన్ని 2.173తో గుణించి 2తో భాగిస్తే ఇద్దరు గెలిచేది 0.269. మళ్లీ గుణించి 3తో భాగిస్తే ముగ్గురు గెలిచేది 0.195. నలుగురికి 0.106, అయిదుగురికి 0.046. ఆ పైన అన్నీ కలిపి నూటికి రెండున్నర లోపే. అన్నింటిలో ఎక్కువ అవకాశం ఇద్దరికే ఉన్న మాట నిజం. కానీ అది నూటికి 27 మాత్రమే. అంటే ఇలాంటి డ్రాలు నాలుగు జరిగితే దాదాపు మూడింట్లో విజేతల సంఖ్య రెండు కాదు. ముగ్గురు గెలవడం సుమారు అయిదింట ఒకసారి జరిగే విషయం. ఆ రాత్రి వచ్చిన అంకెలు 4, 8, 19, 27, 34, ఎర్ర బంతి 10. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెనెసీ రాష్ట్రాల్లో ఒక్కో టికెట్టు గెలిచింది. ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు.

నాలుగు రోజుల ముందు, జనవరి 9న జరిగిన డ్రాను కూడా ఇలాగే వేసి చూడండి. ఆ రోజు సుమారు 44 కోట్ల టికెట్లు అమ్ముడయ్యాయి. λ సుమారు 1.5, ఎవరూ గెలవకపోయే సంభావ్యత నూటికి 22. ఎవరూ గెలవలేదు. ఆ డబ్బంతా ముందుకు దొర్లబట్టే 13వ తేదీ జాక్‌పాట్ 158 కోట్ల డాలర్లు దాటింది. ఇక్కడ విద్యార్థులు చేసే పొరపాటు ఒకటి ఉంది. జాక్‌పాట్ దొర్లుతూ వచ్చిన డ్రాలన్నిటి టికెట్లనూ కూడి N అంటారు. పాత డ్రా టికెట్టు కొత్త డ్రాలో చెల్లదు. బహుమతి సొమ్ము దొర్లుతుంది, టికెట్లు దొర్లవు. N అంటే ఆ ఒక్క డ్రాకు అమ్మినవి మాత్రమే.

λ ఒకటి కంటే బాగా తక్కువైతే లెక్క ఇంకా తేలిక. మన కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లిన పిల్లలు ఫోనులో నన్ను అడిగేది అక్కడి లాటరీ గురించి. 2024లో యూఏఈ లాటరీ మొదలైనప్పుడు పెద్ద బహుమతి నియమం 31లో ఆరు, 12లో ఒకటి. కూర్పులు 88,35,372. ఒక డ్రాకు పది లక్షల టికెట్లు అమ్ముడయ్యాయని అనుకుందాం. ఇది నా ఊహ మాత్రమే. λ 0.113, ఎవరూ గెలవని సంభావ్యత 0.893, కనీసం ఒకరైనా గెలిచేది 0.107. చూశారా, λ చిన్నదైనప్పుడు కనీసం ఒక విజేత ఉండే సంభావ్యతా, విజేతల సగటూ దాదాపు ఒకటే. ఇద్దరు పంచుకోవలసి రావడం వెయ్యింట ఆరుసార్ల లోపే. అలాంటి చోట పంపకం గురించి బెంగ అక్కర్లేదు. పవర్‌బాల్ లాంటి చోట మాత్రం పంపకమే అసలు కథ.

ఆ కథ మీరు అడగలేదు గానీ, λ వల్ల నిజమైన ఉపయోగం అక్కడే ఉంది కనుక చెబుతాను. జనవరి 13 టికెట్టు ధర రెండు డాలర్లు. జాక్‌పాట్‌ను ఏళ్ల తరబడి వాయిదాల్లో కాకుండా ఒకేసారి నగదుగా తీసుకుంటే 98.35 కోట్ల డాలర్లు. దాన్ని 29.22 కోట్లతో భాగిస్తే 3 డాలర్ల 37 సెంట్లు. రెండు డాలర్ల టికెట్టుకు సగటున మూడు డాలర్లకు పైగా వస్తున్నట్టు కనిపిస్తుంది. ఆ వారం చాలామంది ఈ లెక్క వేసుకునే ఉంటారు. ఇందులో లోపం, గెలిస్తే మొత్తం మనదే అనుకోవడం.

మీరు గెలిచారనుకోండి. మీతో పంచుకునేవాళ్లు ఎంతమంది? ఇక్కడ నా విద్యార్థుల్లో చురుకైనవాళ్లు కూడా తడబడేవారు. కొందరు, సగటున విజేతలు 2.17 కనుక నా వాటా అందులో ఒక వంతు అనేవారు. అది కాదు. మీ టికెట్టు గెలిచిందన్న సంగతి మిగతా 63.5 కోట్ల టికెట్ల గురించి ఏమీ చెప్పదు. ఆ గదిలో మీరు ఉన్నారు. ఇతరులు ఎంతమంది ఉంటారన్నది మళ్లీ అదే λతో పాయిజాన్ విభాజనం. కనుక మీ గదిలో సగటున 1 + 2.17, అంటే 3.17 మంది ఉంటారు. బయటి నుంచి చూసేవాడు, కనీసం ఒక విజేత ఉన్న డ్రాలనే ఏరి సగటు కడితే అతనికి 2.45 వస్తుంది. రెండూ సరైన లెక్కలే, రెండు వేరు ప్రశ్నలకు జవాబులు. కిక్కిరిసిన గదిలో మీరు ఉండే అవకాశం ఒంటరి గదిలో ఉండే అవకాశం కంటే ఎక్కువ. అందుకే లోపలి నుంచి చూసేవాడికి గది ఎప్పుడూ ఎక్కువ కిక్కిరిసినట్టు కనిపిస్తుంది.

మరి వాటా 1/3.17, అంటే నూటికి 31.5 అందామా? అదీ కాదు. సగటు మందికి విలోమం తీస్తే సగటు వాటా రాదు. ఇతరులు సున్నా అయితే వాటా 1, ఒకరైతే 1/2, ఇద్దరైతే 1/3. ప్రతి దాన్నీ దాని సంభావ్యతతో గుణించి కూడాలి. కూడితే చక్కగా కుదించుకుపోయి (1 − e^(−λ))/λ వస్తుంది. మన λకు అది 0.408. ఇప్పుడు 3 డాలర్ల 37 సెంట్లను 0.408తో గుణించండి. 1 డాలరు 37 సెంట్లు. చిన్న బహుమతుల విలువ కలిపినా రెండు డాలర్లు చేరదు, పన్ను ఇంకా తియ్యనే లేదు. జాక్‌పాట్ పెరిగిన కొద్దీ జనం ఎగబడతారు, λ పెరుగుతుంది, వాటా కుదించుకుపోతుంది. గెలిచిన ముగ్గురికీ నగదుగా తలా 32.78 కోట్ల డాలర్లు లెక్కకు వచ్చాయి.

ఇక ఇంగ్లండు 133 మంది సంగతి. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇది. దీనికి జవాబు మీ ఊళ్లోనే ఉంది.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు మీరు వెళ్లే ఉంటారు. మా పెదనాన్న అక్కడ కాయల వ్యాపారం చేసేవారు. బస్తా విప్పి, ఒక్కో కాయను చెవి దగ్గర ఆడించి, శబ్దాన్ని బట్టి చెడిపోయినదాన్ని పక్కన పడేసేవారు. వంద కాయల బస్తాకు సగటున రెండు చెడ్డకాయలు అనుకోండి. చాలా తోటల కాయలు ఒకే రాశిలో కలిసిపోయి, ఆ రాశి నుంచి బస్తాలు నింపితే చెడ్డకాయల సంఖ్య పాయిజాన్‌కు దగ్గరగా నడుస్తుంది. ఒక బస్తాలో సున్నా, ఒకదానిలో మూడు, అప్పుడప్పుడు అయిదు. కానీ తోటల వారీగా బస్తాలు కట్టి తెస్తే వేరు. నీరు నిలిచిన తోట నుంచి వచ్చిన బస్తాలో పన్నెండు చెడ్డకాయలు ఉంటాయి, మంచి తోట నుంచి వచ్చిన అయిదారు బస్తాల్లో ఒక్కటీ ఉండదు. మొత్తం కాయలూ అవే, మొత్తం చెడ్డకాయలూ అవే. బస్తాకు సగటు రెండే. అది కదలలేదు. కదిలింది చెదురు. పెదనాన్న మాత్రం నాలుగు బస్తాలు చూసి లారీ మొత్తానికి ధర చెప్పేవారు కాదు. బస్తాలు ఎలా కట్టారో ముందు అడిగేవారు.

లాటరీలోనూ ఇదే జరుగుతుంది. జనం తమ అంకెలు తామే ఎంచుకుంటే గదుల్లోకి సమంగా పోరు. పుట్టినరోజులు, కలిసొచ్చిందనుకున్న అంకెలు, కాగితం మీద చక్కగా కనిపించే గీతలు ఇలా కొన్ని గదులకే గుంపులుగా వెళతారు. అయినా విజేతల సగటు Np నుంచి వెంట్రుకవాసి కూడా జరగదు. కారణం చాలా చిన్నది. గదులన్నిటిలోని అతిథుల మొత్తం N. గదులు M. యంత్రం ఏ గదినైనా సమాన సంభావ్యతతో తడుతుంది. కనుక తట్టిన గదిలో ఉండే అతిథుల సగటు N/M. అతిథులు ఎలా సర్దుకున్నారన్నది ఈ భాగహారంలోకి రానే రాదు. అందరూ కూడబలుక్కుని ఒకే గదిలో దూరినా సగటు అదే. నేను మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే. విజేతల సగటుకు పాయిజాన్ అవసరం లేదు, జనం ఎలా ఎంచుకుంటారన్న ఊహా అవసరం లేదు. యంత్రం నిష్పాక్షికంగా ఉంటే చాలు. ఆ సగటు చుట్టూ సంఖ్యలు ఎలా చెదురుతాయి, ఖాళీ గదులెన్ని, గెలిస్తే వాటా ఎంత అన్నవి మాత్రం జనం ఎంపిక మీద ఆధారపడతాయి. పాయిజాన్ నిలిచేదీ, జారేదీ అక్కడే.

దీన్ని ఒకసారి తరగతిలో చేసి చూపించాను. రెండు సెక్షన్లు కలిపి వందమంది పిల్లలు. మొదట యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక నుంచి తలా ఒక సంఖ్య, 00 నుంచి 99 లోపు, తీసుకోమన్నాను. ఎవరూ ఎంచుకోని సంఖ్యలు 37 మిగిలాయి. λ ఒకటి కనుక e^(−1) ప్రకారం రావలసింది 36.8. తరువాత మీకు నచ్చిన సంఖ్య రాయండి అన్నాను. చీటీలు బల్ల మీద పోసి సంఖ్యల వారీగా పేర్చాం. 07 మీద తొమ్మిది చీటీలు పేరుకున్నాయి. ఒక సంఖ్య మీద అయిదు, నాలుగు సంఖ్యల మీద నాలుగేసి, ఆరింటి మీద మూడేసి, పన్నెండింటి మీద రెండేసి, ఇరవై ఎనిమిదింటి మీద ఒక్కోటి. మిగతా 48 సంఖ్యలు ఖాళీ.

కూడి చూడండి, చీటీలు సరిగ్గా వందే. కుండలో నుంచి ఒక సంఖ్య తీస్తే విజేతల సగటు 100/100, అంటే ఒకటే. ఇప్పుడు చెదురును కొలిచే విస్తృతి చూద్దాం. ఒక్కో సంఖ్య మీది చీటీలను వర్గం చేసి కూడితే 81 + 25 + 64 + 54 + 48 + 28, మొత్తం 300. వందతో భాగించి సగటు వర్గం 1 తీసేస్తే విస్తృతి 2. పాయిజాన్‌లో విస్తృతి సగటుకు సమానం, అంటే 1 ఉండాలి. సగటు మారకుండా విస్తృతి రెండింతలైంది, విజేత లేకుండా పోయే సంభావ్యత 0.37 నుంచి 0.48కి పెరిగింది. వెనుక బెంచీ అమ్మాయి ఒకరు, "అయితే 07 రాసినవాళ్లు గెలిచినా తొమ్మిది వాటాలే కదండీ" అంది. ఆ పూట పాఠం ఆమే పూర్తి చేసిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంగ్లండు డ్రా 1995 జనవరి 14న జరిగింది. అప్పటికి వాళ్ల జాతీయ లాటరీ మొదలై రెండు నెలలు. 49లో ఆరు అంకెలు, 1,39,83,816 కూర్పులు. సుమారు 6.98 కోట్ల టికెట్లు అమ్ముడయ్యాయి కనుక λ సుమారు 5. ఆ రోజుల్లో అక్కడ యంత్రం అంకెలు ఎంచి ఇచ్చే సౌకర్యం లేదు, అది 1996లో వచ్చింది. అంటే ప్రతి కూర్పూ మనిషి చేత్తో గీసినదే. వచ్చిన అంకెలు 7, 17, 23, 32, 38, 42. అవి ఆటకాగితం మీద మధ్య నిలువు వరుసల్లో పడ్డాయి. కలం అలవోకగా దిగే చోటు అది. 1.6 కోట్ల పౌండ్లకు పైగా ఉన్న జాక్‌పాట్‌ను 133 మంది పంచుకుంటే తలా 1,22,510 పౌండ్లు వచ్చాయి. λ 5తో పాయిజాన్ వేస్తే 133 మంది గెలిచే సంభావ్యతలో దశాంశ బిందువు తరువాత 130కి పైగా సున్నాలు ఉంటాయి. ఇంత చిన్న అంకె వచ్చిందంటే అద్భుతం జరిగిందని అర్థం చేసుకోకూడదు. మనం వాడిన నమూనా ఆ చోటికి చెల్లదని అర్థం. తోటల వారీగా కట్టిన బస్తాను కలిపిన రాశిలా లెక్కించాం, అంతే.

2022 అక్టోబరు 1న ఫిలిప్పీన్స్‌లో 433 మంది గెలవడం కూడా ఇదే. వచ్చిన అంకెలు 9, 18, 27, 36, 45, 54. తొమ్మిదో ఎక్కం. దాన్ని చూసి మోసం జరిగిందని చాలామంది అనుమానపడ్డారు. ఆ కూర్పు రావడానికి ఉన్న అవకాశం ఏ కూర్పుకైనా ఉన్నంతే. 433 అన్న సంఖ్య యంత్రం గురించి ఏమీ చెప్పదు, ఆ గదిలో ముందే ఎంతమంది కూర్చున్నారో చెబుతుంది.

కేరళ బంపర్ లాంటి కాగితం లాటరీలకు ఈ లెక్క పెట్టకండి. అక్కడ ప్రతి టికెట్టు మీదా ముద్రించిన సంఖ్య వేరు, మొదటి బహుమతి ఒక్క టికెట్టుకే. గదికి ఒక్కరే అతిథి అన్న నియమం ఉన్న సత్రం అది, పంపకం అన్న ప్రశ్నే రాదు.

చివరగా, మీరు దీన్ని ప్రాజెక్టుగా చేస్తే ఎలా పరీక్షించాలో చెబుతాను. ప్రతి డ్రాకూ అమ్మకాలూ, విజేతల సంఖ్యా సేకరించి ఒక్కోదానికి వేరుగా λ కట్టండి. అమ్మకాలు డ్రా డ్రాకూ మారతాయి కనుక అన్నిటికీ ఒకే సగటు λ వాడితే, పాయిజాన్ నిలిచిన చోట కూడా జారినట్టు కనిపిస్తుంది. తరువాత రెండు పోలికలు చేయండి. మొదటిది, మొత్తం విజేతలను λల మొత్తంతో పోల్చడం. జనం ఎలా ఎంచుకున్నా ఈ రెండూ దగ్గరగా ఉండాలి. బాగా ఎడంగా ఉంటే మీ N తప్పు, లేదా p తప్పు. p తప్పడానికి మామూలు కారణం మధ్యలో నియమం మారడం. ఇంగ్లండు లాటరీ 2015 అక్టోబరులో 49 బంతుల నుంచి 59కి మారింది. ఒక్క దెబ్బతో కూర్పులు 1.4 కోట్ల నుంచి 4.5 కోట్లకు పెరిగాయి. ఆ తేదీకి అటూ ఇటూ ఒకే p వాడితే లెక్క పనికిరాదు.

రెండోది, విజేత లేని డ్రాల సంఖ్యను e^(−λ)ల మొత్తంతో పోల్చడం. మొదటి పోలిక సరిపోయి, ఖాళీ డ్రాలు మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువుంటే అది జనం గుంపులు కట్టిన గుర్తు. ఇంగ్లండు తొలి ఏళ్లలో ఇదే కనిపించింది. పుస్తకాల్లో చెప్పే విస్తృతి, సగటుల నిష్పత్తి కూడా వేయవచ్చు గానీ, ఇక్కడ దాన్నే నమ్ముకోవద్దు. 133 వచ్చిన ఆ ఒక్క డ్రాలో తేడా వర్గాన్ని λతో భాగిస్తే 3,277 వస్తుంది. మిగతా 99 డ్రాలు పాయిజాన్‌కు అచ్చుగుద్దినట్టు సరిపోయినా వంద డ్రాల సగటును అది ఒక్కటే 33 దాటిస్తుంది. ఆ డ్రా మీ జాబితాలో ఉంటే ఒక జవాబు, లేకపోతే మరో జవాబు. ఖాళీ డ్రాల లెక్కకు ఈ బెడద లేదు, ఒక్కో డ్రా దానికి చేర్చగలిగేది అవును లేదా కాదు మాత్రమే. పవర్‌బాల్ మీద అదే పోలిక చేస్తే తేడా చిన్నదిగానే ఉండాలి, ఎందుకంటే అక్కడ గదులు పంచేది ఎక్కువగా యంత్రమే. ఆ రెండు దేశాల జాబితాలనూ పక్కపక్కన పెట్టి మొదలుపెట్టండి. వచ్చిన అంకెలు నాకు పంపితే కూర్చుని చూస్తాను.